బిల్ ఆఫ్ ఎంట్రీ ఫొటోలో అంకెలు చదవడం: అసెసబుల్ వాల్యూ నుంచి కట్టాల్సిన మొత్తం దాకా

(హైదరాబాద్‌లో జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి ప్రాంతాల చిన్న పరిశ్రమల్లో లెక్కలు చూసేవారి కోసం ఏర్పాటు చేసిన సమావేశంలో ఒక క్లియరింగ్ వృత్తి అనుభవజ్ఞుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి బోర్డు కనిపిస్తోందా? కనిపించకపోతే ముందుకొచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈరోజు మనకి బోర్డుతోనే పని.

మీలో చాలామందికి బిల్ ఆఫ్ ఎంట్రీ ఎలా అందుతుంది? వాట్సాప్‌లో ఫొటోగా. అవునా కాదా? మన తరఫున కస్టమ్స్ పని చూసే సీహెచ్‌ఏ ఆఫీసు కుర్రాడు శంషాబాద్ కార్గోలో నిలబడి కాగితాన్ని ఫోన్‌తో తీసి పంపుతాడు. కాస్త వంకరగా ఉంటుంది, ఒక మూల నీడ పడుతుంది. కిందనే ఒక మెసేజ్: "సార్, డ్యూటీ కట్టేయండి." మీరు ఫొటోని వేళ్లతో పెద్దది చేసి, అడుగున ఏదో పెద్ద అంకె కనిపిస్తే అదే కట్టాల్సిన మొత్తం అనుకుంటారు. ఈ పద్ధతి గురించే మాట్లాడదామని వచ్చాను. అడుగునున్న అంకె దగ్గర మొదలుపెట్టొద్దు. డ్యూటీ లెక్క కోసం కస్టమ్స్ తీసుకునే విలువ ఉంటుంది చూడండి, అసెసబుల్ వాల్యూ, దాని దగ్గర మొదలుపెట్టండి, అక్కణ్నుంచి మెట్టు మెట్టుగా మొత్తం దాకా రండి. అలా వస్తే ఫొటోలో ఒక అంకె చెరిగిపోయినా పట్టుకోగలరు.

ముందు ఒక సంగతి. మీకొచ్చిన ఫొటో అసలు బిల్ ఆఫ్ ఎంట్రీదేనా? నవ్వకండి, ఇది నిజంగా అడగాల్సిన ప్రశ్న. సీహెచ్‌ఏ ఫైల్ చేసే ముందు మీ ఆమోదం కోసం ఒక చెక్‌లిస్టు పంపుతాడు. అందులోనూ అసెసబుల్ వాల్యూ ఉంటుంది, డ్యూటీ ఉంటుంది, అన్నీ ఉంటాయి. కానీ అది చిత్తు ప్రతి. కస్టమ్స్ సిస్టమ్ ఇచ్చిన బీఈ నంబరు, తేదీ దాని మీద ఉండవు. కాబట్టి పైభాగంలో మూడు చూడండి: పోర్టు కోడ్, బీఈ నంబరు, బీఈ తేదీ. శంషాబాద్ ఎయిర్ కార్గో అయితే INHYD4, సనత్‌నగర్ కంటైనర్ డిపో అయితే INSNF6. ఈ మూడూ లేని కాగితాన్ని చూసి డబ్బు కట్టకండి. ఫైల్ చేశాక కూడా ఆఫీసర్ విలువ మార్చొచ్చు, రేటు మార్చొచ్చు, మళ్లీ అసెస్ చేయొచ్చు. అప్పుడు మొదటి ప్రింటులో ఉన్న మొత్తం వేరు, చివరి ప్రింటులో ఉన్న మొత్తం వేరు. లెక్కల్లోకి ఎక్కించేది చివరిదే, అంటే సరుకు విడుదలకి కస్టమ్స్ ఇచ్చే అనుమతి, అవుట్ ఆఫ్ ఛార్జ్, అయ్యాక వచ్చినది.

ఆ పక్కనే బీఈ టైపు అని ఒక్క అక్షరం ఉంటుంది. H అయితే హోం కన్సంప్షన్, సరుకు నేరుగా మీ ఫ్యాక్టరీకి వస్తుంది, డ్యూటీ ఇప్పుడే కట్టాలి. W అయితే బాండెడ్ గోదాముకి వెళ్తోందని అర్థం. కాగితం మీద డ్యూటీ మొత్తం లెక్క కట్టే ఉంటుంది, కానీ ఇప్పుడు కట్టక్కర్లేదు. తర్వాత గోదాం నుంచి తీసేటప్పుడు X టైపు బిల్లు వేస్తారు, డబ్బు అప్పుడు. W బిల్లు ఫొటో చూసి డబ్బు సర్దుబాటు చేయడానికి పరుగెత్తేవాళ్లని చూశాను. ఆ ఒక్క అక్షరం చూస్తే చాలు.

సరే, ఇప్పుడు అంకెల్లోకి వద్దాం.

మొదటి పేజీలో డ్యూటీ సమ్మరీ అని ఒక పెట్టె ఉంటుంది. అందులో BCD, SWS, IGST లాంటి గళ్లు వరసగా ఉంటాయి. అదే పెట్టెలో TOTAL DUTY ఉంటుంది, INT, PNLTY, FINE ఉంటాయి, TOT.ASS VAL, TOT.AMOUNT ఉంటాయి. ప్రతి గడికీ పైన పేరు, కింద అంకె. ఇప్పుడు చెప్పండి, ఫొటో వంకరగా ఉంటే ఏమవుతుంది? కంటి చూపు ఒక గడి పక్కకి జారుతుంది. చాలా గళ్లలో సున్నాలే ఉంటాయి కాబట్టి జారినట్టు కూడా తెలియదు. ఎస్‌డబ్ల్యూఎస్ అంకెని తీసుకెళ్లి పక్క గడి కింద రాసేస్తారు. అందుకని పేరు మీద ఒక వేలు, అంకె మీద ఒక వేలు పెట్టి చదవండి. చిన్నపిల్లల పద్ధతి అనుకోకండి, నేను ఇప్పటికీ అలాగే చదువుతాను.

ఇంకో సంగతి, ఈ ప్రింటులో అంకెల మధ్య కామాలు ఉండవు. 1041675 అని ఏకబిగిన ఉంటుంది. అది పది లక్షలా, లక్షా? కుడి నుంచి ఎడమకి లెక్కపెట్టి మీరే కామాలు పెట్టుకోండి. పది లక్షల నలభై ఒక్క వేల ఆరువందల డెబ్భై ఐదు. కాగితం మీద రాసుకోండి, మనసులో వద్దు.

ఈ 10,41,675 అనే అంకెని గుర్తుపెట్టుకోండి. ఈరోజు మనం చేసే లెక్క మొత్తం దాని చుట్టూనే. ఇది నేను బోర్డు కోసం కల్పించిన బిల్లు, ఎవరిదీ కాదు. విమానంలో వచ్చిన యంత్రం విడిభాగాలు. ఇన్వాయిస్ ఎఫ్‌ఓబీ ధర, అంటే విమాన ఛార్జీ, బీమా కలపని ధర, 10,000 డాలర్లు. డాలరు రేటు 86 రూపాయలు అనుకుందాం. ఇప్పుడు అడుగుతాను. పది వేల డాలర్లు, ఎనభై ఆరు రూపాయలు. ఎంత కావాలి?

ఎనిమిది లక్షల అరవై వేలు. సరిగ్గా చెప్పారు. మరి అసెసబుల్ వాల్యూ 10,41,675 ఎందుకుంది? ఎక్కువైన 1,81,675 ఎక్కణ్నుంచి వచ్చింది?

చాలామంది ఇక్కడే సీహెచ్‌ఏకి ఫోన్ చేసి గొడవపడతారు. గొడవ అక్కర్లేదు. కస్టమ్స్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం విలువ అంటే సరుకు ధర ఒక్కటే కాదు, దిగుమతి స్థలం దాకా అయ్యే రవాణా, బీమా కూడా కలుస్తాయి. అంటే సీఐఎఫ్. 2007 వాల్యుయేషన్ నిబంధనల్లో పదో నిబంధన దీన్ని ఎలా కలపాలో చెబుతుంది. మన బిల్లులో విమానం కంపెనీ అసలు ఛార్జీ 2,600 డాలర్లు అనుకోండి. ఎయిర్‌వే బిల్లు మీద అదే ఉంది. అయితే విమానంలో వచ్చిన సరుక్కి ఒక వెసులుబాటు ఉంది: అసలు ఫ్రైట్ ఎంతైనా కానీ, విలువలో కలిపేది ఎఫ్‌ఓబీలో 20 శాతం మించకూడదు. పది వేలలో 20 శాతం 2,000. కాబట్టి 2,600 కాదు, 2,000 మాత్రమే కలుస్తుంది. ఓడలో వస్తే ఈ పరిమితి లేదు, అసలు ఫ్రైట్ ఎంతుంటే అంతా కలుస్తుంది.

బీమా? మన బిల్లులో పాలసీ ఏదీ చూపించలేదు. బీమా ఎంతో తెలియనప్పుడు ఎఫ్‌ఓబీలో 1.125 శాతం వేస్తారు. పది వేల మీద 112.50 డాలర్లు. ఫ్రైట్ అసలు తెలియకపోతే కూడా అంతే, 20 శాతం వేస్తారు. అందుకే ఫొటోలో ఫ్రైట్ సరిగ్గా ఎఫ్‌ఓబీలో ఐదో వంతు ఉందంటే రెండు కారణాల్లో ఒకటి. విమానం ఛార్జీ పరిమితి దాటి ఉండాలి, లేదా ఫ్రైట్ కాగితం ఇవ్వక సిస్టమ్‌లో ఉజ్జాయింపు వేసి ఉండాలి. రెండోదైతే మీకు నష్టమే కావచ్చు. ఓడలో పది వేల డాలర్ల సరుక్కి నిజంగా మూడు వందలు ఫ్రైట్ అయ్యుండొచ్చు, కాగితం ఇవ్వకపోవడం వల్ల రెండు వేలు పడుతుంది. ఆ అదనపు పదిహేడు వందల డాలర్ల మీద కూడా డ్యూటీ కడతారు. కాబట్టి ఫ్రైట్ గడి చూసినప్పుడు ఐదుతో హెచ్చవేసి చూడండి, ఎఫ్‌ఓబీ వచ్చిందంటే కారణం అడగండి.

బోర్డు మీద రాస్తాను, దీన్ని ఫొటో తీసుకోండి.

```
10000.00 + 2000.00 + 112.50 = 12112.50 USD
12112.50 x 86.00 = 1041675.00 INR
```

పాత బిల్లులు చూసేవాళ్లకి ఒక మాట. 2017 సెప్టెంబరుకి ముందు బిల్లుల్లో దీని మీద ఒక శాతం ల్యాండింగ్ ఛార్జీ కూడా కలిపేవారు. ఇప్పుడు లేదు. పాత కాగితం ముందు పెట్టుకుని కొత్తది సరిచూస్తే ఒక శాతం తేడా వస్తుంది, కంగారు పడొద్దు.

డాలరు రేటు గురించి కూడా చెప్పాలి. 86 అనేది మీ బ్యాంకు వేసిన రేటు కాదు. దిగుమతికి కస్టమ్స్ ప్రకటించే రేటు వేరు. అది దాదాపు పదిహేను రోజులకోసారి మారుతుంది. బిల్లు ఫైల్ చేసిన రోజున ఏ రేటు అమల్లో ఉంటే అదే లెక్క. సరుకు బయల్దేరిన రోజు రేటు కాదు, డబ్బు కట్టిన రోజు రేటు కాదు. బిల్లు మొదటి పేజీలోనే రేటు ముద్రించి ఉంటుంది, 1 USD=86.00INR అన్న తరహాలో. దాన్నే వాడండి. గూగుల్‌లో చూసిన రేటుతో హెచ్చవేసి తప్పు దొరికిందనుకోవద్దు.

అమ్మా, మీరేదో అడగబోయారు. ఆఁ, అసెసబుల్ వాల్యూ సరిపోయింది, తర్వాతేంటి అంటున్నారు. తర్వాత డ్యూటీ. ఇక్కడ కాస్త నెమ్మదిగా రండి, ఎందుకంటే శాతాలన్నీ ఒకే అంకె మీద పడవు. ఇదే అసలు విషయం.

మన సరుక్కి బేసిక్ కస్టమ్స్ డ్యూటీ రేటు 7.5 శాతం అని బిల్లులో ఉంది. బేసిక్ అసెసబుల్ వాల్యూ మీద పడుతుంది. 10,41,675 మీద 7.5 శాతం అంటే 78,125 రూపాయల 63 పైసలు. ఇది BCD గడి.

తర్వాత ఎస్‌డబ్ల్యూఎస్, సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్. 2018 బడ్జెట్‌లో పాత ఎడ్యుకేషన్ సెస్సుల స్థానంలో వచ్చింది. ఇది పది శాతం. దేని మీద పది శాతం? అసెసబుల్ వాల్యూ మీద అనుకుంటే లక్ష రూపాయలు వస్తుంది, అది తప్పు. ఇది బేసిక్ డ్యూటీ మీద పది శాతం. 7,812 రూపాయల 56 పైసలు. అంటే ఎస్‌డబ్ల్యూఎస్ అంకె ఎప్పుడూ బీసీడీ అంకెకి ఒక స్థానం తగ్గినట్టు ఉంటుంది, 78126 పక్కన 7813. ఫొటో చూడగానే కన్ను పట్టేయాల్సింది ఇది. అలా లేదంటే ఒకటి మీరు గడి తప్పు చదివుండాలి, లేదా ఎస్‌డబ్ల్యూఎస్‌కి విడిగా మినహాయింపు ఉండుండాలి. కొన్ని వస్తువులకి అలా ఉంది.

తర్వాత ఐజీఎస్టీ. 18 శాతం. దేని మీద? ఒక్కసారి అందరూ చెప్పండి. అసెసబుల్ వాల్యూ మీద కాదు. అసెసబుల్ వాల్యూకి బేసిక్ కలిపి, ఎస్‌డబ్ల్యూఎస్ కలిపి, వచ్చినదాని మీద. పన్ను మీద పన్ను అన్నమాట, చట్టం అలాగే ఉంది.

```
AV            1041675.00
BCD 7.5%        78125.63
SWS 10%          7812.56
IGST base     1127613.19
IGST 18%       202970.37
TOTAL DUTY     288908.56  -> 288909
```

అసెసబుల్ వాల్యూ మీదే 18 శాతం వేస్తే 1,87,501 వస్తుంది. పదిహేను వేలకు పైగా తేడా. మీ ఎక్సెల్ షీటులో ఐజీఎస్టీ కాలమ్‌కి ఏ ఫార్ములా పెట్టారో ఇంటికెళ్లాక కాదు, ఆఫీసుకెళ్లగానే చూడండి. నేను చూసిన షీటుల్లో ఎక్కువసార్లు కనిపించిన తప్పు ఇదే.

చివరికి రౌండింగ్. డ్యూటీని దగ్గరి రూపాయికి సర్దుతారు, యాభై పైసలూ అంతకు మించితే పైకి, లేకపోతే కిందికి. మన మొత్తం 2,88,909. లోపలి పేజీల్లో వస్తువుల వారీగా పైసలు కనిపిస్తాయి, మొదటి పేజీలో కనిపించవు. కాబట్టి ఒకటి రెండు రూపాయల తేడా వస్తే అది తప్పు కాదు. ఇరవై రూపాయల తేడా వస్తే తప్పే, వదలొద్దు.

ఇప్పుడు ఫొటో సంగతికి వద్దాం, ఇందుకే కదా వచ్చారు.

ఈ అంకెలన్నీ ఒకదానికొకటి సాక్షులు. ఒకరు నోరు విప్పకపోయినా పక్కవాళ్లు చెప్పేస్తారు. మన బిల్లు ఫొటోలో అసెసబుల్ వాల్యూ మీద మడత పడింది అనుకోండి. 10, తర్వాత ఒక అంకె మసక, తర్వాత 1675. అది 4 కావచ్చు, 9 కావచ్చు, 1 కూడా కావచ్చు. ఏం చేస్తారు? మళ్లీ ఫొటో పంపమని అడిగి సాయంత్రం దాకా కూర్చుంటారా? పక్కన బీసీడీ 78126 స్పష్టంగా ఉంది. రేటు 7.5. 78126ని 0.075తో భాగించండి. 10,41,680 వస్తుంది. ఐదు రూపాయల తేడా రౌండింగ్ వల్ల. మసక అంకె 4. 9 అయితే బేసిక్ 81,876 ఉండాలి, 1 అయితే 75,876 ఉండాలి. అనుమానానికి చోటే లేదు.

బీసీడీ కూడా మసకగా ఉంటే? ఎస్‌డబ్ల్యూఎస్ 7813ని పదితో హెచ్చవేయండి, 78,130. చివరి రెండు అంకెలు తేలవు, కానీ మొదటి మూడు తేలిపోతాయి. ఐజీఎస్టీ ఒక్కటే కనిపిస్తుంటే? 2,02,970ని 0.18తో భాగిస్తే 11,27,611. అది అసెసబుల్, బేసిక్, సర్‌ఛార్జ్ మూడూ కలిసినది. అసెసబుల్ 1, బేసిక్ 0.075, సర్‌ఛార్జ్ 0.0075 కలిపితే 1.0825, దాన్ని దీంతో భాగిస్తే అసెసబుల్ వాల్యూ మళ్లీ 10,41,670 దగ్గరికి వచ్చేస్తుంది.

ఇంకా తొందరగా చూడాలంటే ఒక్క శాతం గుర్తుపెట్టుకోండి. బేసిక్ 7.5, ఐజీఎస్టీ 18 అయితే మొత్తం డ్యూటీ అసెసబుల్ వాల్యూలో 27.735 శాతం. బేసిక్ 10 అయితే 30.98 శాతం. క్లియరింగ్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి ఈ రెండూ నోటికి వచ్చేస్తాయి. మొత్తాన్ని అసెసబుల్ వాల్యూతో భాగించండి. 27.735 వచ్చిందా, మీరు చదివిన మొదటి అంకె, చివరి అంకె రెండూ సరైనవే.

ఈ శాతం ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాలి, లేకపోతే అనవసరంగా కంగారుపడతారు. ఒకే బిల్లులో రెండు వస్తువులు, రెండు రేట్లు ఉన్నాయనుకోండి. ఆరు లక్షల సరుకు 7.5 మీద, నాలుగు లక్షల సరుకు 10 మీద. మొదటిదానికి 1,66,410, రెండోదానికి 1,23,920, మొత్తం 2,90,330. పది లక్షల మీద 29.033 శాతం. ఇది రెండు రేట్లకీ మధ్యలో ఎక్కడో పడింది, తప్పేమీ కాదు. ఇలాంటప్పుడు మొదటి పేజీ చాలదు. డ్యూటీల భాగం, అంటే పార్ట్ మూడు అని ఉంటుంది, ఆ పేజీలు కూడా పంపమనాలి. అందులో ఒక్కో వస్తువుకీ విడిగా అసెసబుల్ వాల్యూ, రేటు, మొత్తం ఉంటాయి. వస్తువు వస్తువుకీ సరిచూసి, కూడిక మొదటి పేజీతో కలుస్తుందో లేదో చూడాలి. యాంటీ డంపింగ్ డ్యూటీ ఉన్నా ఈ శాతం పనిచేయదు. అది చాలాసార్లు కిలోకింత, టన్నుకింత అని ఉంటుంది. దాని మీద ఎస్‌డబ్ల్యూఎస్ పడదు, కానీ ఐజీఎస్టీ వేసే మొత్తంలో మాత్రం కలుస్తుంది.

ఇప్పుడు పార్ట్ మూడు అన్నాను కాబట్టి అందులో ఉన్న ఒక ఉచ్చు గురించి చెబుతాను. ఇది జాగ్రత్తగా వినండి.

ఆ పేజీలో ప్రతి వస్తువు కింద ఒక చిన్న పట్టిక ఉంటుంది. పైన BCD, SWS, IGST అని నిలువు వరసలు. ఎడమ పక్క అడ్డ వరసల పేర్లు: నోటిఫికేషన్ నంబరు, దాని సీరియల్ నంబరు, రేటు, అమౌంట్, చివర DUTY FG. ఈ FG ఏమిటి? వదిలేసిన డ్యూటీ. మినహాయింపు వల్ల ప్రభుత్వం తీసుకోకుండా వదిలేసింది. మీరు కట్టేది కాదు.

మన సరుకే మలేషియాలో తయారై, ఆసియాన్ ఒప్పందం కింద మూలస్థాన ధ్రువపత్రంతో వచ్చి, 46/2011 నోటిఫికేషన్ కింద బేసిక్ సున్నా అయిందనుకోండి. అప్పుడు BCD కింద రేటు 0, అమౌంట్ 0. దాని కింద DUTY FG వరసలో మాత్రం 78125.63 అని పెద్దగా కనిపిస్తుంది. వంకర ఫొటోలో కన్ను ఆ అంకె మీదే పడుతుంది. తీసుకెళ్లి డ్యూటీగా ఎక్కిస్తారు. బేసిక్ సున్నా అయితే ఎస్‌డబ్ల్యూఎస్ కూడా సున్నా. ఐజీఎస్టీ కలిపే అంకెలు తగ్గాయి కాబట్టి 10,41,675 మీదే 18 శాతం, 1,87,501 రూపాయల 50 పైసలు. రౌండ్ చేస్తే 1,87,502. మొత్తం అంతే. 78,126 కలిపి 2,65,628 అని మీ పుస్తకంలో రాస్తే, ఆ అంకె బిల్లులో ఎక్కడా దొరకదు, చలానులో దొరకదు. శాతం చూడండి: 1,87,502ని 10,41,675తో భాగిస్తే సరిగ్గా 18. మొత్తం శాతం 18 అని రాగానే బేసిక్ కట్టలేదని తెలిసిపోవాలి. అప్పుడు నోటిఫికేషన్ నంబరు గడి చూసి, ఏ మినహాయింపు వాడారో, దానికి మీ దగ్గర కాగితం ఉందో లేదో చూసుకోండి. మూలస్థాన ధ్రువపత్రం ఫైల్లో లేకపోతే తర్వాత ఎప్పుడైనా అడిగితే కష్టం.

ఇంకొకటి మిగిలింది. TOTAL DUTY వేరు, TOT.AMOUNT వేరు. మధ్యలో వడ్డీ, పెనాల్టీ, ఫైన్ ఉన్నాయి. అవన్నీ సున్నా అయితే రెండూ ఒకటే. ఎక్కువ బిల్లుల్లో ఒకటే ఉంటుంది, అందుకే ఏది చదివినా ఫర్వాలేదన్న అలవాటు పడిపోతుంది. ఆ అలవాటు వద్దు.

సొంత అసెస్‌మెంట్ మీద వెళ్లిన బిల్లుకి ఫైల్ చేసిన రోజే డ్యూటీ కట్టాలి. ఆఫీసర్ చూసి కట్టమని తిరిగి పంపితే, సెలవులు వదిలేసి, ఆ మర్నాడు దాకా సమయం. దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ. మన 2,88,909 మీద రోజుకి 118 రూపాయల 73 పైసలు. ఐదు రోజులు ఆలస్యమైతే 594 రూపాయలు. అప్పుడు బ్యాంకు నుంచి వెళ్లేది 2,89,503. ఇందులో ఒక చిక్కుంది. గడువులోపు ప్రింటు తీసిన కాగితం మీద ఈ వడ్డీ ఉండదు. అది పుట్టింది తర్వాత. మీరు పాత ఫొటో చూసి 2,88,909 అంటారు, బ్యాంకు స్టేట్‌మెంటు 2,89,503 అంటుంది. బిల్లు తప్పా? కాదు. కట్టిన చలాను తెప్పించుకోండి, అందులో డ్యూటీ, వడ్డీ విడివిడిగా ఉంటాయి. చివరి ప్రింటులో చలాను నంబరు, కట్టిన తేదీ, మొత్తం కూడా ఉంటాయి.

ఆలస్యంగా ఫైల్ చేస్తే పడే ఛార్జీ ఇంకోటి, ఇది వడ్డీ కాదు. గడువు దాటాక మొదటి మూడు రోజులు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000. నాలుగు లక్షల సరుక్కి ఇది వారంలో యాభై వేలు దాటిపోతుంది. సరుకు రాకముందే కాగితాలు సీహెచ్‌ఏకి ఇవ్వమని అతను మీ వెంటపడేది ఇందుకే, అతని మీద విసుక్కోకండి.

ఆ చివర్న ఉన్న తమ్ముడు అడిగిన ప్రశ్నతో ఆపేస్తాను. ఈ అంకెల్లో దేన్ని ఎక్కడ రాయాలి అన్నాడు. మంచి ప్రశ్న.

ఐజీఎస్టీ 2,02,970 మీకు క్రెడిట్‌గా వస్తుంది, సరుకు మీ వ్యాపారానికే అయితే. ఇది పోర్టు కోడ్, బీఈ నంబరు, తేదీతో పాటు మీ జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తుంది. మూడింటిలో ఒక్కటి తప్పు రాసుకున్నా మీకు కలవదు, అందుకే వాటిని కూడా ఫొటో నుంచి అంతే శ్రద్ధగా దించుకోండి. జీఎస్టీఐఎన్ నంబరు మీదేనా, మీ రాష్ట్రానిదేనా అని కూడా చూడండి. రెండు రాష్ట్రాల్లో యూనిట్లు ఉన్నవాళ్లకి ఇది తరచూ తారుమారవుతుంది. బేసిక్ 78,126, సర్‌ఛార్జ్ 7,813, వీటికి క్రెడిట్ లేదు. సరుకు ఖరీదులో కలిసిపోతాయి. వడ్డీ 594 సరుకు ఖరీదు కాదు, విడి ఖర్చు.

ఇక అసెసబుల్ వాల్యూ 10,41,675ని సరుకు ఖరీదుగా రాయొద్దు. అది డ్యూటీ లెక్క కోసం కస్టమ్స్ వేసుకున్న విలువ. మీ పుస్తకంలో సరుకు ధర పది వేల డాలర్లని మీ బ్యాంకు రేటుతో రాయాలి, 86తో కాదు. ఫ్రైట్ కస్టమ్స్ లెక్కలో 2,000 డాలర్లే అయినా మీరు విమానం కంపెనీకి ఇచ్చింది 2,600, కాబట్టి పుస్తకంలో 2,600 ఉండాలి. బీమా 112.50 డాలర్లు కస్టమ్స్ ఊహించి వేసింది, మీరు నిజంగా పాలసీ తీసుకోకపోతే ఆ ఖర్చే మీకు లేదు, రాయకండి. వీటికి బేసిక్, సర్‌ఛార్జ్ కలిపితే మీ గోదాంలో సరుకు నిలిచిన ధర వస్తుంది.